లింకు పంపితే పాఠం చెప్పినట్టేనా?

2020 మార్చిలో బడులు మూతబడ్డాయి. మా ఆంధ్ర ఏజెన్సీలో చిన్న తరగతుల పిల్లలు మళ్లీ బడి గడప తొక్కింది 2021 ఫిబ్రవరిలో. మూడు నెలలు నిండకముందే మళ్లీ తాళం పడింది. ఆగస్టు 16న తీశారు. ఈ మధ్యకాలం గురించి కాగితాలు తిరగేస్తే ఎక్కడ చూసినా ఒకటే మాట: బోధన నిరాటంకంగా కొనసాగింది. కొండ మీద పిల్లలకు పాఠం చెప్పేవాళ్లం మేము. ఎవరికి కొనసాగిందో మాకు తెలుసు, ఎవరికి తెగిపోయిందో కూడా తెలుసు. ఇంకోసారి బడులు మూతబడవని ఎవరూ హామీ ఇవ్వలేరు కాబట్టి ఈ సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి.

అప్పట్లో పిల్లలను మూడు గళ్లలో పోశారు. ఇంట్లో కంప్యూటరో, నెట్ ఉన్న ఫోనో ఉంటే హైటెక్. టీవీయో రేడియోనో ఉంటే లోటెక్. ఏదీ లేకపోతే నోటెక్. హైటెక్ వాళ్లకు ఆన్‌లైన్ పాఠాలు, లోటెక్ వాళ్లకు దూరదర్శన్ సప్తగిరిలో విద్యావారధి, నోటెక్ వాళ్లకు వర్క్‌షీట్లు. చూడడానికి అందరికీ ఏదో ఒకటి అందినట్టే ఉంటుంది. కానీ ఆ వరుస గమనించండి. ముందు నెట్ ఉన్నవాడి కోసం పథకం గీశారు. దాన్ని కత్తిరించి టీవీ ఉన్నవాడికి ఇచ్చారు. మిగిలిన ముక్క మా పిల్లలకు విసిరారు. ఆ వర్క్‌షీట్లు కూడా చాలాచోట్ల పీడీఎఫ్‌లుగా వాట్సాప్‌లో వచ్చాయి. నెట్ లేనివాడికి పెట్టిన ఏర్పాటు నెట్‌లో రావడం ఏం చోద్యమో! మండల కేంద్రంలో జెరాక్స్ షాపులు మూసి ఉన్నాయి. ఎవరు ప్రింటు తీయాలి, డబ్బులు ఎవరివి, కొండ మీదికి ఎవరు మోయాలి అన్నది ఏ సర్క్యులర్‌లోనూ లేదు.

2021 ఆగస్టులో పదిహేను రాష్ట్రాల్లో, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద కుటుంబాల పిల్లల మీద ఒక సర్వే జరిగింది. జాన్ డ్రెజ్ వంటి ఆర్థికవేత్తలు అందులో ఉన్నారు. పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదివిన పిల్లలు నూటికి ఎనిమిది మందేనని తేలింది. అసలు ఏమీ చదవనివాళ్లు ముప్ఫై ఏడు మంది. రోడ్డూ కరెంటూ ఉన్న పల్లెలను కూడా కలిపితే వచ్చిన లెక్క ఇది. మరి వాగు దాటాల్సిన మా గూడేల సంగతి ఏమిటి?

మేము చెప్పేది ఒక్కటే. పథకం చివరి గడి నుంచి మొదలుకావాలి. ఏ సాధనమూ లేని పిల్లవాడికి పాఠం అందే దారి ముందు గీయండి. ఆ దారిలో ఫోనున్నవాడు కూడా నడవగలడు. ఫోనున్నవాడి దారిలో మావాడు నడవలేడు.

దారి ఎలా ఉండాలో ఒక బడి లెక్కతో చెబుతాం. పేరు ఎందుకు, పాడేరు కొండల్లో ఇలాంటి బడులు బోలెడు. ఒకటి నుంచి ఐదు తరగతులు, నలభై ఆరు మంది పిల్లలు, ఇద్దరు మేస్టార్లు. పిల్లలు నాలుగు ఊళ్ల నుంచి వస్తారు. బడి ఉన్న ఊళ్లో పందొమ్మిది మంది, రెండు కిలోమీటర్ల దూరంలో పన్నెండు మంది, నాలుగు కిలోమీటర్ల దూరంలో తొమ్మిది మంది, కొండెక్కి ఏడు కిలోమీటర్లు నడిస్తే ఆరుగురు. బడి మూతబడ్డ రోజున మేస్టారి చేతిలో మొదట ఉండాల్సింది ఈ ఊళ్లవారీ జాబితా. హాజరుపట్టీ తరగతులవారీగా ఉంటుంది. మూతబడ్డ బడికి అది పనికిరాదు. జాబితాలో ప్రతి పిల్లవాడి పేరు పక్కన మూడు సంగతులు రాసి ఉండాలి. ఇంట్లో చదవగలిగినవాళ్లు ఎవరు? ఇంటివాళ్లు ఏ సంతకు పోతారు? పిల్లవాడు నిజంగా ఎంతవరకు చదవగలడు?

ఈ మూడో దానితోనే అసలు పని. తరగతి చూడకూడదు. నాలుగో తరగతిలో అక్షరాలు పట్టుబడనివాడు ఉంటాడు, రెండో తరగతిలో కథ చదివే పిల్ల ఉంటుంది. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఒక చిన్న పేరా చదివిస్తే చాలు, రెండు రోజుల్లో తేలిపోతుంది. మన లెక్కలోని బడిలో అక్షరాల దగ్గర ఆగినవాళ్లు పదిహేడు మంది, పదాలు చదివేవాళ్లు పద్దెనిమిది మంది, కథ చదివి అర్థం చెప్పగలిగేవాళ్లు పదకొండు మంది అనుకుందాం. ఐదు తరగతులు మూడు జట్లయ్యాయి. పని సగం తగ్గింది.

ఇప్పుడు కాగితం లెక్క. ఒక్కో పిల్లవాడికి వారానికి మూడు వర్క్‌షీట్లు విడివిడిగా ఇవ్వాలంటే వారానికి నూట ముప్ఫై ఎనిమిది కాగితాలు కావాలి. నాలుగు వారాలకు ఐదు వందల యాభై రెండు, అంటే ఒక రీము దాటిపోతుంది. రాసేశాక అవి పొయ్యిలోకే. దీనికి బదులు నాలుగు ఊళ్లకు నాలుగు సంచులు కట్టండి. ఒక్కో సంచిలో నలభై కార్డులు. చదవగలిగే రెండు జట్లకూ పదేసి చదివే కార్డులు, పదేసి లెక్కల కార్డులు. కార్డుకు ప్లాస్టిక్ కవరు, మూలన ఒక నంబరు. పిల్లవాడు కార్డు మీద రాయడు. నంబరు వేసి తన నోటుబుక్కులో రాస్తాడు. వారం తర్వాత సంచులు చేతులు మారతాయి. మొదటి ఊరి సంచి రెండో ఊరికి, రెండో ఊరిది మూడో ఊరికి. నాలుగు వారాల్లో నాలుగు సంచులూ నాలుగు ఊళ్లూ తిరుగుతాయి. కావాల్సింది నూట అరవై కార్డులు. మొదటి పద్ధతిలో మూడో వంతు కూడా కాదు.

ఇందులో ఒక చిక్కుంది, దాన్ని ముందే చూసుకోవాలి. మొదటి ఊరు ఒకటో సంచితో మొదలుపెడితే చివరి ఊరు నాలుగో సంచితో మొదలుపెడుతుంది. కాబట్టి ఒక సంచిలోది తెలిస్తే తప్ప ఇంకో సంచిలోది అర్థంకాదు అన్నట్టు కార్డులు ఉండకూడదు. ఒకటో సంచిలో కూడికలు, రెండో దానిలో తీసివేతలు అని పెడితే తలకిందులవుతుంది. ప్రతి సంచిలోనూ అన్నీ కొంచెం కొంచెం ఉండాలి. ఒకదానిలో సంత లెక్కలు, ఒకదానిలో కాఫీ పళ్ల తూకం, ఒకదానిలో పోడులో గింజలు చల్లే లెక్క, ఒకదానిలో దారి దూరాలు. కష్టం పెంచాలంటే నాలుగు వారాల చుట్టు పూర్తయ్యాక కొత్త చుట్టులో పెంచాలి.

అక్షరాల జట్టుకు ఈ సంచి చాలదు. మొహమాటం లేకుండా చెబుతున్నాం, అక్షరం కార్డుతో రాదు. గుణింతాలకు వరుస ఉంది, నోటితో పలికించే మనిషి కావాలి, తప్పు పలికితే అప్పుడే సరిచేయాలి. నెలల తరబడి బడి లేకపోతే అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఈ పదిహేడు మందే. ఆన్‌లైన్ పథకాల్లో అందరికంటే తక్కువ మాట వినిపించేదీ వీళ్ల గురించే. కాబట్టి మేస్టారి కాళ్లు వీళ్ల కోసం దాచాలి. ఇద్దరు మేస్టార్లు చెరి రెండు ఊళ్లు పంచుకుని, ఒక్కో ఊళ్లో వారానికి ఒక రోజంతా ఈ జట్టుతోనే కూర్చోవాలి. మిగతా జట్లు ఆ పూట నోటుబుక్కులు చూపించి పోతే చాలు.

2020లో మా ఊళ్లవాళ్లు దారులకు అడ్డంగా చెట్లు కొట్టి పడేశారు, బయటివాళ్లు రాకుండా. తప్పేమీ లేదు, ఆసుపత్రి ఎంత దూరమో వాళ్లకు తెలుసు. అలాంటి రోజుల్లో మేస్టారు కూడా ఊరి బయట చింతచెట్టు దగ్గరే ఆగాలి. అప్పుడు లోపల పాఠం నడిపేది ఎవరు? ఇంటరు చదివి ఇంటికొచ్చిన అక్క, ఆశ్రమ పాఠశాల మూస్తే పెట్టె మోసుకుని ఊరికొచ్చిన తొమ్మిదో తరగతి అన్న. ప్రతి గూడెంలోనూ ఒకరైనా ఉంటారు. వీళ్లను స్వచ్ఛందం పేరుతో ఉత్తి చేతులతో నిలబెట్టవద్దు. పూట కూలి పోగొట్టుకుని ఎవరైనా ఎన్ని వారాలు చెబుతారు? మిరప కోతల మేస్త్రీ వచ్చి కిందికి రమ్మంటే ఆ తొమ్మిదో తరగతి అన్న వెళ్లిపోతాడు, మళ్లీ బడికి రాడు. అక్కకు పెళ్లి సంబంధం చూస్తారు. నెలకు ఇంత అని గౌరవ వేతనం ముందే రాసిపెట్టి ఇస్తే గూడెంలో పాఠం నిలుస్తుంది, ఆ ఇద్దరి చదువూ నిలుస్తుంది. టీవీ పాఠాల చిత్రీకరణకు డబ్బు దొరికింది కదా, దీనికి ఎందుకు దొరకదు?

సంచి ఊరికి ఎలా చేరాలి? మా వాళ్లు వారానికోసారి ఉప్పుకో నూనెకో సంతకు దిగుతారు. జీపూ ఆటోలూ రాని ఊరి నుంచి కూడా కావడి దిగుతుంది. మేస్టారు సంతలో ఒకేచోట, డీఆర్ డిపో పక్కనో రావిచెట్టు కిందో ప్రతివారం కూర్చుంటే చాలు. పాత సంచి ఇచ్చి కొత్తది పట్టుకుపోతారు. సంతలు కూడా ఆపేస్తే? ఆ ఏడాది కొన్ని వారాలు ఆపారు. కానీ బియ్యం ఆగలేదు. మధ్యాహ్న భోజనం కింద ప్రాథమిక పిల్లవాడికి రోజుకు వంద గ్రాముల లెక్కన బియ్యం ఇవ్వాలి, ఇరవై ఐదు రోజులకు రెండున్నర కిలోలు. తల్లులు ఆ బియ్యానికి ఎలాగూ వస్తారు. ఆ రోజే నోటుబుక్కులు తెమ్మనండి. పిల్లవాడికి రెండు నోటుబుక్కులు ఉండాలి. ఒకటి మేస్టారి దగ్గర దిద్దుబాటులో ఉన్నప్పుడు రెండోది ఇంట్లో నడుస్తూ ఉంటుంది. ఒక్కటే ఇస్తే మొదటి వారంలోనే పని ఆగిపోతుంది.

నోటుబుక్కు చేతికొచ్చాక మోసపోకూడదు. అన్నీ సరైన జవాబులే ఉంటే సంతోషపడొద్దు, అనుమానపడాలి. ముగ్గురి పుస్తకాల్లో ఒకటే చేతిరాత ఉంటే అన్న రాసిపెట్టాడన్నమాట. కార్డు నలగకుండా కొత్తగా తిరిగొస్తే సంచి గుంజకు వేలాడిందన్నమాట. కొట్టివేతలు, మసి వేలిముద్రలు, మధ్యలో ఆగిపోయిన లెక్క ఉన్న పుస్తకమే పిల్లవాడు పనిచేసిన పుస్తకం. ఖాయం చేసుకోవాలంటే ఊరికి పోయినప్పుడు ఇంతకుముందు చూడని కార్డు ఒకటి తీసి రెండు వాక్యాలు గట్టిగా చదివించాలి. మూడు వారాలు వరుసగా ఒకేచోట ఆగుతుంటే వాణ్ణి కింది జట్టుకు మార్చాలి. నామోషీ పడాల్సిన పని లేదు, అది తరగతి తగ్గించడం కాదు.

మరి ఫోను వద్దా అంటే, మాకు ఫోను మీద పగ లేదు. దాని పని దానికి ఇవ్వాలి. మా ఊళ్లలో సిగ్నలు ఇంట్లో దొరకదు. ఫలానా బండ మీద, ఫలానా మలుపులో దొరుకుతుంది. అక్కడ వీడియో తిరగదు, మాట వెళ్తుంది. మాట కూడా తెగుతుంటే ఎస్సెమ్మెస్ వెళ్తుంది. వారంలో రెండు సాయంత్రాలు, చెప్పిన వేళకు అక్క ఆ బండ దగ్గరకు వస్తే మేస్టారు పది నిమిషాలు మాట్లాడొచ్చు. ఏ కార్డు అర్థంకాలేదు, ఎవరు రావడం లేదు, ఎవరికి జ్వరం. పిల్లలకు ఫోన్లో పాఠం చెప్పడం కంటే, చెప్పేవాళ్లకు చెప్పడం ఆ పది నిమిషాలకు తగిన పని. ఇంకొకటి మెమరీ కార్డు. బటన్ ఫోన్లలో పాటలు ఎక్కించుకోవడం మా కుర్రాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కథలు, పాఠాలు మేస్టారి గొంతుతో, ఊరి ముసలమ్మ గొంతుతో రికార్డు చేసి సంతలో ఎక్కించి ఇస్తే నెట్ లేకుండా వింటారు.

ఏ భాషలో అన్నది ఇక్కడే వస్తుంది. టీవీ పాఠం తెలుగులో వచ్చింది, అదీ కింద మైదానం తెలుగు. కువి మాట్లాడే ఇంట్లో, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇంట్లో ఒకటో తరగతి పిల్లకు ఆ పెట్టెలోంచి వచ్చేది శబ్దం. బడిలో అయితే మేస్టారు ఒక మాట వాళ్ల భాషలో కలిపి దాటిస్తాడు. టీవీ దాటించలేదు. ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కోలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో చిన్న తరగతుల వాచకాలు తెచ్చారు. కార్డులకు కొత్తగా కష్టపడక్కర్లేదు, ఆ వాచకాల్లోంచి తీసుకోవచ్చు. అటకల మీద, బీరువాల్లో మూలుగుతున్న ప్రతులు దించండి.

ఇంత చెప్పాక అసలు నొప్పి చెప్పకపోతే కుదరదు. సంచి కట్టాలన్నా, చింతచెట్టు కింద కూర్చోవాలన్నా, పిల్ల భాషలో ఒక మాట దాటించాలన్నా ఆ కొండ మనిషి బడిలో ఉండాలి. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. దాన్ని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. తేదీ చూడండి. బడులు మూతబడి నెల తిరిగింది. మైదానం నుంచి వచ్చి ఉద్యోగం చేసే టీచర్లు లాక్‌డౌన్‌లో తమ ఊళ్లకు వెళ్లిపోయి తిరిగి రాలేకపోయిన రోజులు అవి. వాళ్లను తప్పుపట్టడం లేదు, బస్సులు లేవు, ఘాట్ రోడ్డు మూసేశారు. ఆ రోజుల్లో పిల్లల దగ్గర మిగిలింది ఊళ్లో ఇల్లున్న మేస్టారే. బడి నడిచే రోజుల్లో స్థానిక టీచరు అవసరమా కాదా అని వాదించేవాళ్లు బడి మూసిన రోజుల లెక్క తీసి చూడాలి. ఒక్కో బడికి కనీసం ఒక్క మేస్టారైనా నడిచి రాగల దూరంలో ఉండేవాడు కావాలని మేము అడిగితే అది కోటా గొడవ కాదు. బోధన కొనసాగించే పథకంలో మొదటి వరుస అదే.

ఇప్పుడు టవర్లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, మంచిదే. కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే టవరు ఇనుప స్తంభం. ఇంట్లో ఒక్క ఫోను ఉంటే అది పొద్దున్నే నాన్నతో పనికి పోతుంది. రాత్రి వచ్చాక ముగ్గురు పిల్లలు, ఒక్క తెర. పైగా బడులు మూతబడేది రోగంతోనే అని ఎవరన్నారు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరం దాటింది. కరెంటు స్తంభాలూ పడ్డాయి, సెల్ సిగ్నళ్లూ పోయాయి. కొండల మీద కాఫీ తోటల్లో నీడ చెట్లు కూలాయి. అలాంటి మూతలో నెట్ మీద ఆధారపడ్డ పథకం మొదటి రోజే పడిపోతుంది. తుపానుకు సంచి తడుస్తుందేమో, అందుకే ప్లాస్టిక్ కవరు.

చివరిగా రిపోర్టుల సంగతి. ఆ ఏడాదంతా మా దగ్గర అడిగింది ఎంతమందికి లింకు పంపారు, ఎంతమంది చూశారు, ఫోటో ఎక్కడ అని. ఒక ఫోటో అప్‌లోడ్ కోసం మేస్టార్లు పూటంతా సిగ్నల్ బండ మీద కూర్చున్న రోజులు ఉన్నాయి. ఆ పూటలో పదిహేడు మందికి గుణింతం చెప్పొచ్చు. లింకు పంపినవాళ్ల సంఖ్య ఎంత పెరిగినా అక్షరాల జట్టు తగ్గదు. నెలకొక్కసారి ఒక్క కాగితం అడగండి: మూడు జట్లలో ఎంతమంది ఉన్నారు, పోయిన నెల ఎంతమంది, వరుసగా రెండు వారాలు ఎవరి నోటుబుక్కు రాలేదు. ఆ చివరి గడిలోని పేరే మిరప కోతలకు పోయిన పిల్ల పేరు. వెంటనే తెలిస్తే తల్లిదండ్రుల కమిటీతో పోయి ఆ ఇంట్లో మాట్లాడొచ్చు. ఆరు నెలల తర్వాత తెలిస్తే బడి రిజిస్టరులో పేరు కొట్టేయడం తప్ప చేసేది ఉండదు.

ఇవన్నీ తాళం పడ్డాక మొదలుపెడితే కుదరవు. జూన్‌లో బడి తెరిచిన మొదటి నెలలోనే ఊళ్లవారీ జాబితా, జట్లు, గూడేనికో అక్క పేరు, సంతలో కూర్చునే చోటు రాసి హెడ్మాస్టరు బల్లలో ఒక ప్రతి, ఎంఈఓ దగ్గర ఒక ప్రతి, కమిటీ అధ్యక్షురాలి ఇంట్లో ఒక ప్రతి ఉండాలి. బడికి నాలుగు గట్టి సంచులు, రెండు రీముల కాగితం, ప్లాస్టిక్ కవర్లు, పిల్లవాడికి రెండు నోటుబుక్కులు ఇప్పుడే ఇప్పించండి. వేసవి సెలవుల్లో ఇటుకల పండగ అయ్యాక ఒకసారి పదిహేను రోజులు నడిపి చూస్తాం. ఏ ఊరి సంచి తిరిగి రాలేదో, ఎందుకు రాలేదో అప్పుడే తెలుస్తుంది.